ఫోటోలో వచ్చిన లాభనష్టాల షీట్ నుంచి పది లైన్ల సమ్మరీ: ఒక బుడ్డల నూనె మిల్లు లెక్కతో

అనంతపురం, ఆదోని, ప్రొద్దుటూరు వైపు చిన్న మిల్లుల లెక్కలు చేతికి వచ్చే తీరు ఒకటే. ఆడిటర్ ఆఫీసులో తీసిన ప్రింటు, దానిమీద గుండ్రటి సీలు, సంతకం, మధ్యలో ఒక మడత, ఆ పేపర్‌ని గుమాస్తా టేబుల్ మీద పెట్టి ఫోన్లో ఫోటో కొట్టి వాట్సాప్‌లో పంపిస్తాడు. అవతల అడిగేవాళ్ళు సీసీ లిమిట్ అనే వ్యాపార అప్పు రెన్యువల్ చూసే బ్యాంకు ఆఫీసరు కావచ్చు, కొత్తగా భాగం తీసుకుందామనుకుంటున్న చుట్టం కావచ్చు, ఎవరైనా వాళ్ళకి కావాల్సింది రెండే: మార్జిన్ ఎంత, పోయినేడాది కంటే ఏం మారింది.

మార్జిన్ తీయడం అంటే భాగహారమే, అందులో కష్టం లేదు. అసలు పని అంతా ఫోటోలో అంకె సరిగ్గా చదవడంలోనూ, ఆ తర్వాత క్లోజింగ్ స్టాక్, అంటే ఏడాది చివర మిగిలిన సరుకు విలువ అనే ఒక్క అంకె మిగతా లెక్కనంతా ఎట్లా ఊపుతుందో అర్థం చేసుకోవడంలోనూ ఉంది. ఈ రెండూ వదిలేసి నేరుగా శాతాలు వేసేస్తే వచ్చే సమ్మరీ చూడటానికి నీట్‌గానే ఉంటది గానీ తప్పు చెప్తది, పైగా ఆ తప్పు బయటికి కనపడదు.

ఉదాహరణకి అనంతపురం శివార్లలో బుడ్డలు, అంటే వేరుశనగ, ఆడించే ఒక నూనె మిల్లు అనుకుందాం. మిల్లు ఊహించుకున్నదే, అంకెలు కూడా లెక్క చూపించడానికి వేసుకున్నవే, కానీ షీట్ ఆకారం మాత్రం ఇక్కడ ఏ సొంత వ్యాపారానికైనా వచ్చేదే. ఒకే పేజీలో రెండు భాగాలు, పైన ట్రేడింగ్ అకౌంట్, కింద ప్రాఫిట్ అండ్ లాస్ అకౌంట్. ఎడమవైపు ఖర్చులు, కుడివైపు రాబడి. ఎడమవైపు ఓపెనింగ్ స్టాక్, కొనుగోళ్ళు, హమాలి, కరెంటు, కూలీలు, చివర్లో గ్రాస్ ప్రాఫిట్. కుడివైపు నూనె, నూనె తీశాక మిగిలే చెక్క, పొట్టు అమ్మకాలు, వాటి కింద క్లోజింగ్ స్టాక్. రెండు వైపులా అడుగున ఒకే టోటల్.

ఈ పాత పద్ధతి షీట్‌లో ఒక మంచి గుణం ఉంది, తను సరిగ్గా చదవబడిందో లేదో తనే చెప్తది. అందుకే మొదట మార్జిన్ జోలికి పోకుండా అంకెలన్నీ ఒక ఎక్సెల్ షీట్‌లోకి ఎక్కించి మూడు చోట్ల కలుస్తున్నాయా చూడాలి. ఒకటి, ఎడమ టోటల్, కుడి టోటల్ ఒకటే కావాలి, అది కూడా ఫోటోలో ప్రింటైన టోటల్‌ని కాపీ కొట్టడం కాదు, విడివిడి అంకెలు కూడితే ఆ టోటల్ రావాలి. రెండు, పైభాగంలో కిందికి మోసిన గ్రాస్ ప్రాఫిట్, కిందిభాగంలో కుడివైపు మొదటి లైన్లో మళ్ళీ వస్తది, ఆ రెండూ ఒకటే ఉండాలి. మూడోది చాలామంది చూడరు గానీ అన్నిటికంటే ఉపయోగపడేది అదే: పోయినేడాది క్లోజింగ్ స్టాక్ ఈ ఏడాది ఓపెనింగ్ స్టాక్ అవ్వాలి. మన మిల్లులో 38,40,000 అనే అంకె రెండుచోట్ల కనపడుతుంది, పోయినేడాది కాలమ్‌లో కుడివైపు, ఈ ఏడాది కాలమ్‌లో ఎడమవైపు.

ఈ మూడో చెక్ ఇంకో పని కూడా చేస్తది. పోయినేడాది కాలమ్ ఎటు ఉంటదన్నది ఆడిటర్‌ని బట్టి మారిపోతది. కొందరు పాత ఏడాది అంకెల్ని పేర్లకి ఎడమపక్కన, కొత్తవాటిని కుడిపక్కన వేస్తారు, కంపెనీల షీట్లలో మామూలుగా ఈ ఏడాది ముందు, పోయినేడాది తర్వాత వస్తది. ఫోటోలో పై అంచు కట్ అయ్యి తేదీలు పోయాయనుకోండి, ఏ కాలమ్ ఏ ఏడాదిదో ఊహించాల్సిన పనిలేదు, ఏ కాలమ్‌లో క్లోజింగ్ స్టాక్ రెండో కాలమ్‌లో ఓపెనింగ్ స్టాక్‌గా కనపడుతోందో అదే పాత ఏడాది. కాలమ్‌లు తారుమారైతే తగ్గిన మార్జిన్ పెరిగినట్టు వస్తది కాబట్టి తేదీలు కనపడుతున్నా సరే ఇది చూసుకోవడం మంచిది.

తేదీ అన్నాక ఇంకోటి. హెడ్డింగ్‌లో మార్చి 31తో ముగిసిన సంవత్సరం అని ఉందా, డిసెంబర్ 31తో ముగిసిన కాలం అని ఉందా చదవాలి. లోన్ పనికి ఏడాది మధ్యలో తీసిన ప్రొవిజనల్ షీట్ అయితే తొమ్మిది నెలల్ని పన్నెండు నెలలతో పోల్చినట్టవుతది, దాన్ని తొమ్మిదితో భాగించి పన్నెండుతో హెచ్చిస్తే సరిపోదు, ఎందుకంటే ఖరీఫ్ బుడ్డలు అక్టోబర్, నవంబర్‌లో యార్డుకి వస్తాయి, మిల్లు కొనుగోళ్ళు, అమ్మకాలు నెలనెలా సమానంగా ఉండవు.

ఇక చదవడంలో వచ్చే తప్పుల సంగతి. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే సైజు తగ్గిపోయి చిన్న అంకెల అంచులు మసకబారతాయి, అదే ఫైల్‌ని డాక్యుమెంట్‌గా పంపమంటే ఉన్నదున్నట్టు వస్తది, ఈ ఒక్క మాట గుమాస్తాకి చెప్తే సగం బాధ తగ్గుతది. పేపర్‌ని కిటికీ పక్కన చదునుగా పెట్టి, ఫోన్ నీడ పడకుండా, పైభాగం ఒక ఫోటో, కిందిభాగం ఒక ఫోటో తీయమనాలి. అంత చేసినా 1 కి 7 కి, 3 కి 8 కి, 6 కి 0 కి తేడా తెలియని చోట్లు మిగులుతాయి. ఫోన్లో ఎక్సెల్ యాప్‌లో ఫోటో నుంచి డేటా తీసుకునే సదుపాయం ఉంది, దానితో లాగితే టైపింగ్ తగ్గుతది గానీ మన కామాల దగ్గర ఇబ్బంది వస్తది. 4,36,80,000 అనేది కామాలతో, అంకెగా కాకుండా అక్షరాలుగా పడిపోవచ్చు, అప్పుడు SUM దాన్ని పట్టించుకోకుండా వదిలేస్తది, ఎర్రర్ కూడా చూపించదు, టోటల్ మాత్రం తక్కువ వస్తది. కామాలు తీసేసి అంకెగా మార్చుకోడానికి పక్క గడిలో ఇది వేస్తే చాలు:

```
=VALUE(SUBSTITUTE(B4,",",""))
```

ఇప్పుడు మన మిల్లు ఈ ఏడాది కుడివైపు చూద్దాం. నూనె అమ్మకం 3,58,40,000, చెక్క 1,12,60,000, పొట్టు 13,20,000, మూడూ కలిపి 4,84,20,000. దాని కింద క్లోజింగ్ స్టాక్ 61,50,000. అడుగున ప్రింటైన టోటల్ 5,45,70,000. మడత సరిగ్గా స్టాక్ అంకె మీద పడి 61 కాస్తా 67 లాగా కనపడిందనుకోండి, స్టాక్‌ని 67,50,000 అని ఎక్కిస్తే కూడిక 5,51,70,000 వస్తది, తేడా 6,00,000. ఈ తేడాయే ఎక్కడ వెతకాలో చెప్తది. లక్షల స్థానంలో ఒక అంకె ఆరు ఎక్కువగా చదివాం, మిగతా స్థానాలన్నీ కరెక్టే, కాబట్టి ఆ వైపున్న అంకెల్లో లక్షల స్థానంలో 7 ఎక్కడుందో చూస్తే చాలు, అది నిజానికి 1 అయ్యుండాలి.

తేడా తొమ్మిదితో నిశ్శేషంగా భాగించబడితే కథ వేరే. కొనుగోళ్ళు 4,36,80,000 అయితే టైప్ చేసేటప్పుడు 4,63,80,000 అని పడిందనుకోండి, తేడా 27,00,000 వస్తది, తొమ్మిది మూళ్ళు ఇరవై ఏడు. పక్కపక్క అంకెలు రెండు తారుమారైతే తేడా ఎప్పుడూ తొమ్మిదితో తెగుతది, ఆ భాగఫలం మూడు అంటే తారుమారైన రెండంకెల మధ్య తేడా మూడు అని, ఇక్కడ 3, 6. పాత గుమాస్తాలు లెడ్జర్లు చేత్తో రాసిన రోజుల నుంచి వాడుతున్న చెక్ ఇది, ఫోటోల కాలంలో కూడా అంతే బాగా పనిచేస్తది. తొమ్మిదితో తెగినంత మాత్రాన తారుమారే అయ్యుండాలని లేదు, తెగలేదంటే మాత్రం అది ఖచ్చితంగా తారుమారు కాదు, వేరే తప్పు.

మడత తప్పుకి తిరిగొస్తే, దాని ఫలితం చాలా పెద్దది. క్లోజింగ్ స్టాక్ ఆరు లక్షలు ఎక్కువైతే గ్రాస్ ప్రాఫిట్ కూడా రూపాయికి రూపాయి ఆరు లక్షలు పెరుగుతుంది, 33,90,000 కాస్తా 39,90,000 అవుతది, మార్జిన్ 7.00 శాతం బదులు 8.24 శాతం వస్తది. పోయినేడాది మార్జిన్ 8.37. అంటే ఒక్క గీత తప్పు చదవడంతో మార్జిన్ బాగా పడిపోయిన ఏడాది కాస్తా పెద్దగా మార్పేమీ లేని ఏడాదిలా కనపడుతుంది, సమ్మరీ చదివిన బ్యాంకు ఆఫీసరు ప్రశ్న కూడా అడగడు. టోటల్ కలుస్తోందా అని చూడకుండా పోతే ఇది దొరికే దారి లేదు.

సీలు కింద పడి అసలు కనపడని అంకె ఉంటే, ఉదాహరణకి కూలీల లైన్, టోటల్ లోంచి మిగతావి తీసేసి దాన్ని రాబట్టొచ్చు, మన షీట్‌లో అట్లా చేస్తే 12,60,000 వస్తది. కానీ ఒకవైపు ఒక్క అంకెకే ఇది కుదురుతుంది, పైగా అట్లా రాబట్టిన వైపు టోటల్ చెక్ చచ్చిపోయినట్టే, ఎందుకంటే ఆ అంకెని కలిసేలా మనమే వేశాం, ఆ వైపు వేరే అంకె తప్పు చదివి ఉంటే ఆ తప్పంతా కూలీల లైన్లోకి వచ్చి కూర్చుంటది. అందుకని సమ్మరీలో ఈ అంకె లెక్కకట్టి తీసింది అని ఒక మాట రాయాలి, రెండు అంకెలు పోతే మాత్రం మళ్ళీ ఫోటో అడగడం తప్ప దారి లేదు.

చదవడం అయ్యాక మార్జిన్. భాగించేటప్పుడు కింద పెట్టాల్సింది అమ్మకం, కుడివైపు అడుగున ఉన్న పెద్ద టోటల్ కాదు. పేజీలో అన్నిటికంటే స్పష్టంగా, లావు అక్షరాల్లో, కింద రెండు గీతలతో కనపడేది ఆ టోటలే కాబట్టి చూపు దానిమీదికి పోతది, కానీ అందులో అమ్ముడుపోని స్టాక్ కూడా కలిసి ఉంది. దానితో భాగిస్తే 6.21 శాతం వస్తది, అది దేనికీ పనికిరాని అంకె. 33.9 లక్షల్ని 484.2 లక్షలతో భాగిస్తే వచ్చే 7.00 శాతమే గ్రాస్ మార్జిన్. గోడౌన్ అద్దె, వడ్డీ లాంటి ఇతర ఆదాయాన్ని కూడా అమ్మకంలో కలపకూడదు.

రెండేళ్ళ ముఖ్యమైన అంకెలు లక్షల్లో ఇట్లా ఉన్నాయి:

| | 2023-24 | 2024-25 |
|---|---|---|
| అమ్మకాలు | 451.6 | 484.2 |
| కొనుగోళ్ళు | 385.0 | 436.8 |
| ఓపెనింగ్ స్టాక్ | 34.6 | 38.4 |
| క్లోజింగ్ స్టాక్ | 38.4 | 61.5 |
| హమాలి, కరెంటు, కూలీలు | 32.6 | 36.6 |
| గ్రాస్ ప్రాఫిట్ | 37.8 | 33.9 |
| బ్యాంకు వడ్డీ | 5.6 | 7.9 |
| ఇతర ఆదాయం | 0.7 | 1.8 |
| నెట్ ప్రాఫిట్ | 13.1 | 8.3 |

అమ్మకాలు 7.2 శాతం పెరిగాయి, గ్రాస్ ప్రాఫిట్ 10.3 శాతం తగ్గింది. మార్జిన్ 8.37 నుంచి 7.00 కి వచ్చింది. దీన్ని 1.37 శాతం తగ్గిందని రాయకూడదు, 1.37 పాయింట్లు తగ్గింది అనాలి, ఎందుకంటే 8.37 లో 1.37 అంటే 16 శాతం పైనే, చదివేవాళ్ళు రెండిట్లో ఏదనుకుంటారో తెలియదు. ఇంకా తేలిగ్గా చెప్పాలంటే వందరూపాయల సరుకు అమ్మితే పోయినేడాది 8 రూపాయల 37 పైసలు మిగిలేది, ఈ ఏడాది ఏడు రూపాయలే మిగిలింది. మిల్లు యజమానికి ఇచ్చే సమ్మరీ అయితే ఈ పైసల భాషే మేలు, అందులో గందరగోళానికి చోటు లేదు.

ఎందుకు తగ్గిందన్నది రెండు ముక్కలుగా విడగొట్టొచ్చు, ఇక్కడే చాలా సమ్మరీలు దారి తప్పుతాయి. కొనుగోళ్ళు 13.5 శాతం పెరిగాయి, అమ్మకాలు 7.2 శాతమే పెరిగాయి, కాబట్టి సరుకు ధర మండిపోయి మార్జిన్ పడిపోయింది అని వెంటనే రాసేస్తారు. కానీ కొన్న సరుకంతా ఆడించలేదు కదా, గోడౌన్లో స్టాక్ 38.4 లక్షల నుంచి 61.5 లక్షలకు చేరింది. నిజంగా అమ్మకం వెనక ఖర్చయిన సరుకు ఎంతంటే ఓపెనింగ్ స్టాక్‌కి కొనుగోళ్ళు కలిపి క్లోజింగ్ స్టాక్ తీసేయాలి. పోయినేడాది 381.2 లక్షలు, ఈ ఏడాది 413.7 లక్షలు, పెరుగుదల 8.5 శాతం. అమ్మకం మీద చూస్తే 84.41 శాతం నుంచి 85.44 శాతానికి, అంటే 1.03 పాయింట్లు. హమాలి, కరెంటు, కూలీలు కలిపి 7.22 నుంచి 7.56 కి, 0.34 పాయింట్లు. రెండూ కూడితే 1.37, గ్రాస్ మార్జిన్ తగ్గిన దానికి సరిగ్గా సరిపోయింది. ముక్కలు కూడితే మొత్తం రావాలన్నది ఇక్కడ కూడా చెక్కే, రాకపోతే ఏదో అంకె రెండుసార్లు ఎక్కిందనో వదిలేశామనో అర్థం.

ఇంతవరకు షీట్ చెప్పింది. దీని తర్వాత కారణం రాయాలని చెయ్యి లాగుతది. బుడ్డల మద్దతు ధర 2023-24లో క్వింటాలుకి 6,377, 2024-25లో 6,783 కాబట్టి సరుకు ఖర్చు అందుకే పెరిగింది అని రాస్తే వినడానికి బాగానే ఉంటది, కానీ మిల్లు కొనేది యార్డు రేటుకి, అది మద్దతు ధరకి పైనా ఉండొచ్చు, కిందా ఉండొచ్చు, ఈ షీట్‌లో క్వింటాళ్ళే లేవు. సరుకు రేటు పెరిగిందా, నూనె రేటు తగ్గిందా, బుడ్డల్లో నూనె దిగుబడి తగ్గిందా, ఈ మూడింట్లో ఏదైనా సరే షీట్‌లో కనపడేది అదే 1.03 పాయింట్లు. విడదీయాలంటే పరిమాణాలు కావాలి. టాక్స్ ఆడిట్ జరిగే మిల్లు అయితే ఫారం 3సీడీలో 35వ క్లాజు కింద ముడిసరుకు ఎంత కొన్నారు, ఎంత వాడారు, తయారైన సరుకు ఎంత, దిగుబడి శాతం ఎంత అనేది ఉంటది, ఆ పేజీ ఇంకో ఫోటో తీసి పంపమంటే ఊహాగానం అవసరం లేదు. అది లేకపోతే సమ్మరీలో సరుకు ఖర్చు వాటా 1.03 పాయింట్లు పెరిగింది అని ఆగిపోవడమే నిజాయితీ.

క్లోజింగ్ స్టాక్ గురించి ఇంకొంచెం ఆగాలి. ఈ మిల్లులో స్టాక్ 60 శాతం పెరిగింది, వాడిన సరుకు లెక్కన చూస్తే పోయినేడాది 37 రోజులకి సరిపడా ఉన్న సరుకు ఇప్పుడు 54 రోజులకి సరిపడా ఉంది. రబీ బుడ్డలు వచ్చే సమయంలోనే మార్చి 31 పడుతుంది కాబట్టి ఎక్కువ కొని పెట్టుకోవడం మామూలే, తప్పేం కాదు. కానీ ఈ అంకె బిల్లు నుంచి రాదు, అమ్మకాలకి, కొనుగోళ్ళకి జీఎస్టీ రిటర్నులు సాక్ష్యం ఉంటాయి, స్టాక్‌కి మాత్రం ఆరోజు గోడౌన్లో లెక్కపెట్టి, కొన్న ధరా, అమ్మితే వచ్చే ధరా, రెండిట్లో ఏది తక్కువైతే దానితో విలువ కట్టాలి. ఆ విలువలో ఐదు శాతం ఎక్కువ వేసిందే అనుకుంటే మూడు లక్షల పైచిలుకు, అంత గ్రాస్ ప్రాఫిట్‌లోంచి పోతది, నెట్ ప్రాఫిట్ 8.3 లక్షల నుంచి 5.2 లక్షలకు దిగుతది. ఐదు శాతం తేడాకి లాభంలో మూడోవంతుకి మించి ఎగిరిపోతుందంటే, పల్చటి మార్జిన్ వ్యాపారంలో స్టాక్ లైన్ ప్రస్తావన లేని సమ్మరీ సగం సమ్మరీయే. అందుకని స్టాక్ పెరిగిన సంగతి, అది ఎవరు లెక్కపెట్టారు, ఏ ధర వేశారు అన్న ప్రశ్న రెండూ అందులో ఉండాలి.

నెట్ ప్రాఫిట్ వైపు పని త్వరగా అయిపోతది. 13.1 నుంచి 8.3 కి, 4.8 లక్షలు తక్కువ, 36.6 శాతం పతనం. మార్జిన్ 2.90 నుంచి 1.71 కి. ఆ 4.8 లక్షలు ఎక్కడికి పోయాయంటే గ్రాస్ ప్రాఫిట్లో 3.9 తగ్గింది, ఖర్చులు 2.0 పెరిగాయి, ఇతర ఆదాయం 1.1 ఎక్కువొచ్చి కాస్త ఆదుకుంది. పెరిగిన ఖర్చుల్లో వడ్డీ ఒక్కటే 2.3, మిగతావన్నీ కలిపి చూస్తే 0.3 తగ్గాయి, ఎందుకంటే జీతాలు, బయటి కిరాయిలు కొంచెం కొంచెం పెరిగినా రిపేర్లు 2.9 నుంచి 1.7 కి, డిప్రిసియేషన్ 4.5 నుంచి 4.2 కి దిగాయి. రిపేర్లు ఒక ఏడాది తగ్గడం పొదుపు కావచ్చు, వాయిదా కావచ్చు, షీట్ చెప్పదు.

వడ్డీ, ఇతర ఆదాయం రెండూ మిల్లు ఆడించడంతో సంబంధం లేనివి కాబట్టి వాటిని పక్కనపెట్టి ఇంకో మార్జిన్ కూడా ఇవ్వడం మంచిది. నెట్ ప్రాఫిట్‌కి వడ్డీ కలిపి ఇతర ఆదాయం తీసేస్తే పోయినేడాది 18.0 లక్షలు, ఈ ఏడాది 14.4 లక్షలు, శాతంలో 3.99 నుంచి 2.97. ఇది చూస్తే తెలిసేదేంటంటే మిల్లు పనిలోనే ఒక పాయింటు పోయింది, వడ్డీ పెరగడం ఆ పైన పడిన దెబ్బ. వడ్డీ, స్టాక్ రెండూ కలిసి పెరిగాయి, సీసీ లిమిట్ ఎక్కువ వాడి సరుకు కొన్నారేమో అనిపిస్తది, అది తేల్చేది బ్యాలెన్స్ షీట్, లాభనష్టాల షీట్ కాదు.

పోల్చేముందు ఇంకో చిన్న పని ఉంది, చిన్నదే గానీ ఫలితం మొత్తం మార్చేస్తది. రెండేళ్ళలోనూ ఒకే ఖర్చు ఒకే భాగంలో ఉందా చూడాలి. ఆడిటర్ మారితే పోయినేడాది కరెంటు బిల్లు కింద భాగంలో ఉండి ఈ ఏడాది పైకి రావచ్చు. మన మిల్లులో పోయినేడాది కరెంటు 12.3 లక్షలు కింద వేసి ఉంటే అప్పటి గ్రాస్ మార్జిన్ 11.09 శాతం అని కనపడేది, ఈ ఏడాది 7.00 తో పోలిస్తే నాలుగు పాయింట్లు కూలినట్టు వచ్చేది, మిల్లులో ఏం జరక్కుండానే. నెట్ ప్రాఫిట్ మాత్రం మారదు, కాబట్టి గ్రాస్ మార్జిన్ విపరీతంగా కదిలి నెట్ కదలకపోతే ముందు అనుమానించాల్సింది ఈ సర్దుబాటునే. భాగస్వామ్య సంస్థల్లో పార్ట్‌నర్ల జీతం, వాళ్ళ పెట్టుబడి మీద వడ్డీ కూడా ఇట్లాగే, కొన్నిచోట్ల నెట్ ప్రాఫిట్‌కి ముందు తీసేస్తారు, కొన్నిచోట్ల తర్వాత పంచుతారు. మన మిల్లు ఒక్కరి సొంతం, అందులో యజమాని కష్టానికి జీతమే లేదు, ఇన్‌కమ్‌టాక్స్ కూడా ఈ షీట్‌లో తీయలేదు, ఆ 8.3 లక్షల్లోంచే ఇల్లు గడవాలి, టాక్స్ కట్టాలి.

ఇన్ని చూసుకున్నాక బ్యాంకుకి పంపే సమ్మరీ ఇట్లా ఉంటే సరిపోతది:

"2024-25లో అమ్మకాలు 4.84 కోట్లు, అంతకుముందు ఏడాది 4.52 కోట్లు, పెరుగుదల 7.2 శాతం. గ్రాస్ ప్రాఫిట్ 37.8 లక్షల నుంచి 33.9 లక్షలకు తగ్గింది. గ్రాస్ మార్జిన్ 8.37 శాతం నుంచి 7.00 శాతానికి, 1.37 పాయింట్లు తక్కువ. ఇందులో 1.03 పాయింట్లు సరుకు ఖర్చు వల్ల, 0.34 పాయింట్లు హమాలి, కరెంటు, కూలీల వల్ల. వడ్డీ, ఇతర ఆదాయం పక్కనపెడితే మార్జిన్ 3.99 శాతం నుంచి 2.97 శాతానికి వచ్చింది. నెట్ ప్రాఫిట్ 13.1 లక్షల నుంచి 8.3 లక్షలకు, మార్జిన్ 2.90 నుంచి 1.71 శాతానికి, బ్యాంకు వడ్డీ 2.3 లక్షలు పెరిగింది. క్లోజింగ్ స్టాక్ 38.4 లక్షల నుంచి 61.5 లక్షలకు పెరిగింది, దాని విలువలో 5 శాతం తేడా వస్తే నెట్ ప్రాఫిట్ సుమారు 3 లక్షలు మారుతుంది. అంకెలు ఫోటో నుంచి తీసినవి, ఈ ఏడాది ఎడమవైపు తప్ప మిగతా టోటల్స్ కలిశాయి, పోయినేడాది క్లోజింగ్ స్టాక్ ఈ ఏడాది ఓపెనింగ్ స్టాక్‌తో కలిసింది. కూలీల అంకె సీలు కింద ఉండటంతో టోటల్ నుంచి లెక్కకట్టాం. పరిమాణాల వివరాలు అందలేదు."

ఆఖరి మూడు వాక్యాల్ని చాలామంది తీసేస్తారు, సమ్మరీ బలహీనంగా కనపడుతుందని. తీయకపోవడమే మేలు. టోటల్స్ కలిశాయన్న మాట చదివిన ఆఫీసరు ఒరిజినల్ పేపర్‌తో ప్రతి అంకె మళ్ళీ సరిచూసుకునే పని తగ్గించుకుంటాడు, సీలు మాట చదివితే ఆ ఒక్క అంకె మాత్రం ఒరిజినల్‌లో చూసుకుంటాడు, పరిమాణాలు లేవన్న మాట చదివితే నేరుగా ఆ పేజీ అడుగుతాడు, మిల్లువాళ్ళు 3సీడీ తీసి 35వ క్లాజు ఫోటో కొట్టి పంపిస్తే ఆ 1.03 పాయింట్లు రేటు వల్ల పోయాయో దిగుబడి వల్ల పోయాయో అప్పుడు చెప్పొచ్చు.